గేట్లు పేర్చకుండా లాజిక్ – 7వ పాఠం: నాలుగు వరుసలు ఎందుకు తప్పాయి?

పోయినసారి మెజారిటీ సర్క్యూట్ అందరికీ పనిచేసింది. 74151 మక్స్‌తో కట్టమని ఇంటికిచ్చిన F = Σm(1,2,6,7) దగ్గర మాత్రం చాలామంది బోల్తా పడ్డారు. కోఠి గుజరాతీ గల్లీలో ఇంకో 74151 కొనుక్కొచ్చి పెట్టినా అదే తప్పు వచ్చిందని ఒకాయన వాపోయాడు. చిప్‌ది తప్పు కాదండీ. వచ్చింది ఇదీ:

```
ABC  రావాల్సింది  వచ్చింది
000      0         0
001      1         0
010      1         1
011      0         1
100      0         1
101      0         0
110      1         0
111      1         1
```

తప్పిన వరుసలు 1, 3, 4, 6. వాటిని బైనరీలో తిరగేసి చదవండి: 001 కాస్తా 100 అవుతుంది, 011 కాస్తా 110. మిగతా నాలుగూ ఎటునుంచి చదివినా ఒకటే, అందుకే బతికిపోయాయి.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మన పట్టికలో A ఎడమ చివర, దాని విలువ 4. చిప్ డేటాషీట్లో A అంటే 11వ పిన్, దాని విలువ 1. పేరు చూసి పేరుకి వైరు వేస్తే తలకిందులే. మన A 9వ పిన్‌కి, B 10కి, C 11కి వెళ్లాలి. నేనైతే కాగితం మీద అక్షరాలే రాయను, 4, 2, 1 అని పెన్సిల్‌తో రాసుకుంటాను.

మరి మెజారిటీ ఎలా పనిచేసింది? అందులో మూడు ఇన్‌పుట్లూ సమానమే, ఏది ఎక్కడ పెట్టినా జవాబు మారదు. అలాంటి ఉదాహరణతో మొదలుపెట్టడం నా పొరపాటే. వైరింగ్ సరిచూసుకోవాలంటే ఒక్క C మాత్రమే 1 చేసి చూడండి. ఇక్కడ 1 రావాలి. తర్వాత ఒక్క A మాత్రమే 1 చేస్తే 0 రావాలి.

ఇక ఇదే Fని డికోడర్‌తో కడదాం. 74138లో కూడా A (1వ పిన్) విలువ 1, C (3వ పిన్) విలువ 4. ఎంచుకున్న అవుట్‌పుట్ ఒక్కటే 0కి దిగుతుంది, మిగతా ఏడూ 1లోనే ఉంటాయి. కాబట్టి Y1, Y2, Y6, Y7లను ఆర్ గేటుకిస్తే ఎల్‌ఈడీ ఆరనే ఆరదు. వాటిని 7420లోని నాలుగు ఇన్‌పుట్ల నాండ్ గేటుకివ్వండి. అవే ఇన్‌పుట్లతో రెండు మూడు ఫంక్షన్లు కావాలంటే నేను డికోడరే వాడతాను, ఒక్కటే అయితే మక్స్.

అభ్యాసం: F(A,B,C,D) = Σm(0,1,3,6,9,13,14)ని ఒకే 74151తో కట్టండి. A, B, C సెలెక్ట్ పిన్లకి. ప్రతి డేటా పిన్‌కీ 0, 1, D, D' లలో ఒకటి. కట్టాక A, C వైర్లు కావాలనే తారుమారు చేయండి. ఈసారి పదహారు వరుసల్లో నాలుగే తప్పుతాయి. D1, D4 డేటా పిన్లు తారుమారైనా తేడా ఎందుకు రాలేదో రాసి చూపించాలి.