మెయిల్ సర్వర్ సొంతంగా పెట్టుకోవాలా, బయట తీసుకోవాలా? చిన్న కంపెనీ ఎలా తేల్చుకోవాలి

రాణిగంజ్‌లో పంపులు, బేరింగులు అమ్మే కంపెనీ ఒకటి ఉందనుకుందాం. పని చేసేది పద్నాలుగు మంది. రోజూ కొటేషన్లు, బిల్లులు మెయిల్‌లోనే వెళ్తాయి. వీళ్లకు మెయిల్ సర్వర్ పెట్టడం ఒక్క రోజు పని. ఆ సర్వర్ పంపిన కొటేషన్ కొనేవాళ్ల ఇన్‌బాక్స్‌లో పడుతుందా, స్పామ్‌లో పడుతుందా అన్నదే అసలు ప్రశ్న. అందుకే ముందు అది పరీక్షించి, ఆ తర్వాత డబ్బు లెక్కకు రావాలి.

1. మెయిల్ పెట్టెలు లెక్కపెట్టండి. మనిషికో పెట్టె అక్కర్లేదు. `sales@`, `accounts@` లాంటివి అలియాస్‌లుగా పెడితే చాలు, వాటికి వచ్చే మెయిల్ ఇప్పటికే ఉన్న పెట్టెల్లోకే చేరుతుంది. గోదాములో ఉండే నలుగురికి మెయిల్ అవసరమే లేదు. మన లెక్క పది పెట్టెలకు దిగింది.

2. బయటికి దారి ఉందో లేదో చూడండి. ఒక నెలకు వీపీఎస్ అద్దెకు తీసుకుని, దాని మీద ఈ మూడూ నడపండి. ఐపీ, డొమైన్ మాత్రం మీవి పెట్టుకోండి.

```
nc -vz -w 10 gmail-smtp-in.l.google.com 25
dig -x 203.0.113.25 +short
dig +short mail.example.in
```

మొదటిది టైమ్ అవుట్ అయితే, సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ పంపుకునే పోర్ట్ 25ను సర్వర్ అద్దెకిచ్చినవాళ్లు మూసి ఉంచారన్నమాట. చాలామంది అలాగే ఉంచుతారు. అడిగితే కొందరు తెరుస్తారు, కొందరు తెరవరు. రెండోది ఐపీ నుంచి పేరు, మూడోది పేరు నుంచి ఐపీ చూపిస్తుంది. రెండూ ఒకదానికొకటి సరిపోవాలి. ఐపీకి పేరు పెట్టే అధికారం ఐపీ ఎవరిదో వాళ్లదే కాబట్టి, ఆ మార్పు మీ డొమైన్ సెట్టింగుల్లో దొరకదు. ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ మీద సర్వర్ పెట్టే ఆలోచన చాలాసార్లు ఇక్కడే ఆగిపోతుంది.

తర్వాత, స్పామ్ పంపే ఐపీల జాబితాలు నడిపే స్పామ్‌హాస్ సైట్‌లో ఆ ఐపీని వెతకండి. మీరు కొత్తవాళ్లే కావచ్చు, ఆ ఐపీని మీకంటే ముందు ఎవరు వాడారో మీ చేతిలో లేదు. చుట్టుపక్కల ఐపీల నుంచి స్పామ్ వెళ్తున్నా కొన్ని సర్వర్లు మిమ్మల్నీ అదే గాటన కట్టేస్తాయి.

3. నిజమైన కొటేషన్ పంపి చూడండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు పెట్టి, మీ కస్టమర్లు వాడే సర్వీసులన్నింటికీ రెండు వారాల పాటు కొద్దికొద్దిగా పంపండి. జీమెయిల్‌లో `Show original` నొక్కితే `spf=pass`, `dkim=pass`, `dmarc=pass` కనిపించాలి. అయితే మూడూ పాస్ అయినా మెయిల్ స్పామ్‌లో పడొచ్చు. ఆ రికార్డులు మీరెవరో చెబుతాయి, మంచివాళ్లని పూచీ ఇవ్వవు. 550 అనే తిరస్కరణ కోడ్‌తో తిరిగొస్తే కనీసం కారణం తెలుస్తుంది. చప్పుడు లేకుండా స్పామ్‌లోకి పోయే మెయిలే ప్రమాదం, ఎందుకంటే కస్టమర్ జవాబివ్వలేదని మీరు అనుకుంటారు, మీరే పంపలేదని ఆయన అనుకుంటాడు.

4. ఇప్పుడు డబ్బు లెక్క. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు, మీ ధరలు వేసుకోండి. బయటి సర్వీసు పెట్టెకు నెలకు రూ. 200 అయితే పదికి రూ. 2,000. సొంతానికి వీపీఎస్, బ్యాకప్ కలిపి రూ. 1,500. ఇక్కడితో ఆపితే సొంతమే చవక. కానీ అప్‌డేట్లు, లాగ్‌లు, స్పామ్ వడపోత చూసే మనిషికి నెలకు నాలుగు గంటలు, గంటకు రూ. 500 వేస్తే మొత్తం రూ. 3,500 అవుతుంది. ఈ ధరల్లో కనీసం పద్దెనిమిది పెట్టెలు ఉంటే తప్ప సొంతం గిట్టుబాటు కాదు. ఆ మనిషి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు సర్వర్ ఎవరు చూస్తారన్నది ఈ లెక్కలో లేనే లేదు.

ఒక భయం మాత్రం అనవసరం. సర్వర్ ఒక పూట ఆగినంత మాత్రాన వచ్చే మెయిల్ పోదు. పంపేవాళ్ల సర్వర్లు సాధారణంగా నాలుగైదు రోజుల దాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి.

5. తేల్చుకోండి. పది పెట్టెల కంపెనీకి బయటి సర్వీసే సరైనది. మెయిల్ కచ్చితంగా సొంత యంత్రంలోనే ఉండాలనుకుంటే, పెట్టెలు మీ దగ్గర ఉంచుకుని, బయటికి వెళ్లేదాన్ని మాత్రం రిలే సర్వీసు ద్వారా పంపండి. పోస్ట్‌ఫిక్స్‌లో దీనికి `relayhost` ఉంటుంది. ఖర్చు కాస్త పెరుగుతుంది, ఐపీ పరువు బాధ్యత మాత్రం చాలావరకు రిలేవాళ్ల మీదకు పోతుంది.

బయటి సర్వీసు తీసుకున్నా జారిపడే చోటు ఒకటుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్ ఫారం వేరే సర్వర్ నుంచి మీ డొమైన్ పేరుతో మెయిల్ పంపుతుంటాయి. వాటి కోసం రెండో ఎస్‌పీఎఫ్ రికార్డు చేర్చకండి. ఒకే డొమైన్‌కు రెండు ఉంటే `permerror` వచ్చి రెండూ చెల్లవు. ఉన్న రికార్డులోనే కలపండి, డీఎన్‌ఎస్ వెతుకులాటలు మాత్రం పది దాటనివ్వకండి. డీమార్క్‌ను మొదట `p=none`తో, నివేదికలు రావాల్సిన చిరునామాను `rua`లో ఇచ్చి పెట్టి, ఆ నివేదికల్లో మీ పేరుతో ఎవరెవరు పంపుతున్నారో చూశాకే బిగించండి.

డొమైన్ మాత్రం కంపెనీ పేరు మీదే ఉండాలి, వెబ్‌సైట్ చేసినవాళ్ల పేరు మీద కాదు. అది మీ చేతిలో ఉంటే, మారే ముందు రోజు, మెయిల్ ఏ సర్వర్‌కు రావాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు టీటీఎల్‌ను 300 సెకన్లకు తగ్గించి, పాత పెట్టెలను ఐమ్యాప్ ద్వారా కాపీ చేసుకుని, ఏ సర్వీసు నుంచైనా వెళ్లిపోవచ్చు.