ఇరవై ఏళ్ల ఆస్తి లెక్క షీట్‌లో వేసేముందు

పలాసలో ఉండే మా బావమరిది మొన్న లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. బ్యాంకులో, ఫండ్లలో కలిపి 10 లక్షలున్నాయి. ఏటా 1.2 లక్షలు దాస్తాడు. 12 శాతం పెట్టి ఇరవయ్యేళ్లు లాగితే 1.83 కోట్లు వచ్చింది. "బావా, యాభైకే ఉద్యోగం మానేయొచ్చు కదా?" అన్నాడు. పక్క షీట్‌లో ఇంటి ఖర్చు మాత్రం ఈనాటి ధరలోనే రాసుకున్నాడు. భయం వేసింది నాకు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఆ 1.83 కోట్లకు ఈనాటి విలువ 57 లక్షలే.

అందుకే ముందు ఒక మాట తేల్చుకోండి: షీట్ మొత్తం ఈనాటి రూపాయల్లోనే ఉండాలి. రాబడిలోంచి ధరల పెరుగుదల తీసేసిన రేటు పెట్టాలి. వాడి డబ్బు సగం డిపాజిట్లలో, సగం ఫండ్లలో ఉంది. పన్ను పోను మొత్తం మీద 8 శాతం అనుకున్నాం.

```
=(1+8%)/(1+6%)-1
```

1.89 శాతం వచ్చింది. దాన్ని 2 చేయకండి, కిందికి దించండి. మేం F1లో 1.5% అని రాశాం. A2 నుంచి 0, 1, 2 అని ఏళ్లు, B2లో 10 లక్షలు, C3 నుంచి ఏటా దాచేది.

```
B3: =B2*(1+$F$1)+C3
```

డాలర్ గుర్తులు మరిచిపోతే కిందికి లాగినప్పుడు F1 కాస్తా F2 అవుతుంది, ఖాళీ గడి కాబట్టి రాబడి సున్నా అయిపోతుంది. షీట్ ఏ తప్పూ చూపించదు. ఎక్కడైనా ఖాళీ గడిలో `=FV(F1,20,-120000,-B2)` వేసి B22తో పోల్చండి. మాకు రెండూ 41.2 లక్షల దగ్గర కలిశాయి.

చాలామంది జారిపడేది ఇక్కడే. C నిండా 1.2 లక్షలే ఉంటే, ధరలతో పాటు మీరు దాచేది కూడా ఏటా 6 శాతం పెంచుతున్నారని అర్థం. "అంత ఎక్కడ పెంచుతాను బావా, చిట్టీ కట్టినట్టు అదే పదివేలు" అన్నాడు. అలాగైతే C3 మార్చి కిందికి లాగాలి.

```
C3: =120000/1.06^A3
```

41.2 కాస్తా 29.8 లక్షలైంది. కాసేపు వాడేం మాట్లాడలేదు.

ఇక ఉద్దానంలో వాళ్ల కొబ్బరితోట. దాన్ని B గడుల్లో కలపనివ్వలేదు, వేరే వరసలో ఈనాటి ధరకే, పెరుగుదల సున్నాగా ఉంచాం. అమ్మే ఉద్దేశం లేని భూమి నెల ఖర్చుకు అక్కరకు రాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు ఆ తోటలు ఎలా కూలాయో చూసినవాళ్లం. మళ్లీ నాటిన మొక్క కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. వాడు దాచేదాంట్లో సగం ఆ తోట డబ్బే. కాబట్టి ఇంకో కాపీ చేసి, అయిదో ఏడు నుంచి తొమ్మిదో ఏడు దాకా C గడులను సగం చేశాం. ఉద్యోగం మానే సంగతి ఇకనుంచి ఆ కాపీ చూసే మాట్లాడదామన్నాను.