మీ ‘క్యాన్’ వాళ్లకు ‘క్యాంట్’ అని వినిపిస్తోంది

శంషాబాద్‌లో అమెరికా ఫ్లైట్ ఎక్కే పిల్లలకు సిమ్ కార్డు, బ్యాంకు అకౌంట్, పచ్చళ్ల ప్యాకింగ్ గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు. అవన్నీ వాళ్లనే అడగండి. నాకు టెన్షన్ అంతా ‘క్యాన్’ అనే ఒక్క మాటతోనే.

మొన్న మన హైదరాబాద్ తమ్ముడొకడు క్యాంపస్ క్యాంటీన్‌లో పనికి చేరాడు. శనివారం రాగలవా అని సూపర్‌వైజర్ అడిగితే ‘ఐ క్యాన్ కమ్’ అన్నాడు. ఆవిడ సరేనని ఆ షిఫ్టు ఇంకొకరికి ఇచ్చేసింది. గ్రామర్ తప్పేమీ లేదు. అమీర్‌పేట కోచింగ్‌లో మెచ్చుకునేంత స్పష్టంగా పలికాడు. చిక్కల్లా ఆ స్పష్టతతోనే వచ్చింది.

మనం ఏ అచ్చునూ తక్కువ చేయకుండా పలుకుతాం. ఇంగ్లిష్‌వాళ్లు ఊనిక పడిన చోటే నిండుగా పలికి, మిగతావి నలిపేస్తారు. ‘బనానా’లో మధ్య అచ్చు ఒక్కటే నిండుగా ఉంటుంది, ముందూ వెనకా ఉన్నవి నలిగిపోతాయి. అలా నలిగిన అచ్చునే ష్వా అంటారు. నోరు కొంచెమే తెరిచి, నాలుకను ఎటూ ఎత్తకుండా వదిలేస్తే వచ్చే పొట్టి ‘అ’ అది.

‘ఐ క్యాన్ కమ్’లో ఊనిక ‘కమ్’ మీద పడుతుంది. కాబట్టి ‘క్యాన్’ నలిగి ‘ఐకన్ కమ్’ అవుతుంది. ‘క్యాంట్’ మాత్రం ఎప్పుడూ నలగదు. పైగా అమెరికన్లు దాని చివరి ‘ట్’ను తరచూ మింగేస్తారు. అందుకే వాళ్ల చెవి ‘ట్’ కోసం ఆగదు, అచ్చును బట్టి తేల్చుకుంటుంది. పొట్టిగా వినిపిస్తే వస్తానని, నిండుగా వినిపిస్తే రానని. బ్రిటన్‌లో ‘కాంట్’ అని దీర్ఘం తీస్తారు, అక్కడ ఈ గొడవ తక్కువ.

రూమ్మేట్‌ను అటు తిరిగి కూర్చోమని ‘ఐ క్యాన్ కమ్’, ‘ఐ క్యాంట్ కమ్’ అనే రెండు వాక్యాలూ కలగలిపి చెప్పండి. ఏది వస్తానో, ఏది రానో అతను చెప్పాలి. ‘ట్’ను కావాలని మింగండి, లేకపోతే పరీక్షే కాదు. అతను తడబడుతుంటే మీ అచ్చు ఇంకా నలగలేదన్నమాట.

అలాగని అన్నీ నలిపేయకండి బాబూ! ‘యెస్, ఐ క్యాన్’ అని వాక్యం అక్కడే ఆగితే నిండుగానే పలకాలి. ఫోన్‌లో మీ పేరు చెప్పేటప్పుడు ఒక్క అచ్చూ మింగొద్దు, వాళ్లకు అది కొత్త పేరు.

ఇది అలవాటు కావడానికి టైమ్ పడుతుంది. నా మొదటి నెలలూ అలాగే గడిచాయి. ఏదో అందరికీ వచ్చేస్తుందిలెండి. ఈలోగా రాగలిగితే ముందు ‘యెస్’ అనండి, రాలేకపోతే ‘క్యానాట్’ అని పూర్తిగా అనండి. కాస్త పుస్తకంలా ఉన్నా షిఫ్టు పోదు.