రాఫ్ట్ కాంక్రీట్ మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి

రెండు మీటర్ల మందం, 30 × 20 మీటర్ల రాఫ్ట్ అనుకుందాం.

– ముందు పోత వరస తేల్చుకోండి. అర మీటరు పొరను రాఫ్ట్ అంతా పరిస్తే 300 ఘనపు మీటర్లు. గంటకు 60 పోసినా, మొదలుపెట్టిన చోటికి తిరిగి వచ్చేసరికి 5 గంటలు. ఎండలో ఈలోపే కింది పొర బిగుసుకుని కోల్డ్ జాయింట్ పడుతుంది. తర్వాత దాన్ని సరిచేయడం దాదాపు అసాధ్యం. అందుకే ఒక చివర నుంచి మెట్లుగా రండి. 20 మీటర్ల వెడల్పున 3 మీటర్ల మెట్టుకు 30 ఘనపు మీటర్లే, అరగంట పని.

– వైబ్రేటర్ సూది కింది పొరలోకి దాదాపు 150 మిల్లీమీటర్లు దిగాలి. సూది తీశాక గుంట పూడకుండా నిలబడిపోతే ఆలస్యమైనట్టే, వెంటనే ఇంజనీర్‌ని పిలవండి.

– రెండో పంపు సైట్‌లోనే సిద్ధంగా ఉంచండి. బ్రేక్‌డౌన్ అయ్యాక తెప్పిస్తే అప్పటిదాకా మెట్టు ఆగదు, గట్టిపడుతుంది.

– కాంక్రీట్ దిగేటప్పుడే చల్లగా ఉండాలి, నీటిలో కొంత ఐస్‌గా వేయించండి. లోపలి వేడి 70 డిగ్రీలు దాటకూడదు.

– థర్మోకపుల్స్ ఒకటి నడిమధ్యలో, ఇంకొకటి పైనుంచి 50 మిల్లీమీటర్ల లోతులో కట్టించండి. రెండింటి మధ్య తేడా 20 డిగ్రీలు దాటితే పైన పగుళ్లు రావచ్చు.

– తేడా పెరిగితే చన్నీళ్లు కొట్టకండి, పైభాగం ఇంకా చల్లబడుతుంది. పాలిథిన్ మీద ఇంకో దుప్పటి కప్పండి. లోపలికీ బయటి గాలికీ తేడా 20 లోపుకు వచ్చాకే తీయాలి.