ఎక్సెల్ స్వయంగా నేర్చుకుందాం – 9వ పాఠం: కాలమ్ సాగదీసినా పోని హాష్ గుర్తులు

పోయిన పాఠంలో జీతాల షీట్‌లో ####### కనిపిస్తే కాలమ్ అంచు మీద డబుల్ క్లిక్ చేసి పోగొట్టాం. ఆ కిటుకు పది సార్లలో తొమ్మిది సార్లు పనిచేస్తుంది. మిగిలిన ఆ ఒక్కసారి కోసమే ఈ పాఠం. కాలమ్‌ను స్క్రీన్ అంతా పరిచినా హాష్‌లు పోవు సరికదా, సెల్ నిండా ఇంకా బారుగా పరుచుకుంటాయి. వెడల్పు చాలక వచ్చిన హాష్‌లకూ వీటికీ తేడా పట్టే మొదటి గుర్తు అదే.

కొత్త షీట్ తెరిచి నాతోపాటు టైప్ చేయండి. ఒక కోల్డ్ స్టోరేజీలో నలుగురు వాచ్‌మెన్ల డ్యూటీ రిజిస్టర్ అనుకుందాం. A కాలమ్‌లో వచ్చిన టైము, B కాలమ్‌లో వెళ్లిన టైము. మొదటి ఇద్దరూ పొద్దున డ్యూటీ, 6:00 నుంచి 14:00. మూడోవాడు 14:00 నుంచి 22:00. నాలుగోవాడిది రాత్రి డ్యూటీ, 22:00కి ఎక్కి తెల్లారి 6:00కి దిగుతాడు. ఇవి 2 నుంచి 5 వరకు వరుసల్లో ఉండాలి. C2లో ఈ ఫార్ములా రాసి కిందికి లాగండి. C కాలమ్‌కు h:mm ఫార్మాట్ ఉందని చూసుకోండి.

```
=B2-A2
```

మొదటి ముగ్గురికీ 8:00 వస్తుంది. C5లో మాత్రం హాష్‌లు. మౌస్‌ను ఆ సెల్ మీద కాసేపు ఆపితే ఎక్సెల్ తనే చెబుతుంది: "Dates and times that are negative or too large show as ######." ఈ చిన్న వాక్యాన్ని ఎవరూ చదవరు, అందరి చెయ్యీ ముందు కాలమ్ అంచు మీదికే పోతుంది. నేనూ చాలాకాలం అలాగే చేశాను.

లోపల ఏం జరిగిందో చూడాలంటే C5 మీద ఉండి Ctrl+1 నొక్కి, ఫార్మాట్‌ను General చేయండి. హాష్‌లు పోయి -0.66667 వస్తుంది. ఎక్సెల్‌కు ఒక రోజంటే 1. పొద్దున ఆరంటే 0.25, రాత్రి పదంటే 0.91667. 0.25లోంచి 0.91667 తీసేస్తే మైనస్ పదహారు గంటలు మిగులుతుంది. రాత్రి పన్నెండు దాటితే తేదీ మారుతుందన్న సంగతి మనకు తెలుసు గానీ, మనం టైము మాత్రమే టైప్ చేశాం కాబట్టి ఎక్సెల్‌కు రెండూ ఒకే రోజువి. పైగా విండోస్ ఎక్సెల్‌లో మామూలుగా ఉండే తేదీల లెక్క 1900తో మొదలవుతుంది, దానికి వెనక ఏమీ లేదు. మైనస్ విలువను తేదీగానో టైముగానో చూపించమంటే చూపించలేక హాష్‌లు పరుస్తుంది.

చూపించలేదే గానీ విలువ లోపల భద్రంగా ఉంది. అసలు ప్రమాదం అక్కడే. ఫార్మాట్‌ను మళ్లీ h:mm చేసి, C6లో మొత్తం వేయండి.

```
=SUM(C2:C5)
```

8:00 అని వస్తుంది. నలుగురికీ కలిపి 32 గంటలు రావాలి కదా? ఎనిమిదీ ఎనిమిదీ ఎనిమిదీ కలిపి, పదహారు తీసేసింది. హాష్‌లు కళ్లకు కనిపిస్తున్నాయి, మొత్తం మాత్రం బుద్ధిగా ఒక అంకె చూపిస్తోంది. గంటకు 90 రూపాయల చొప్పున కూలి కడితే 2,880 రావాల్సిన చోట 720 వస్తుంది.

ఇప్పుడు సరిచేద్దాం. C2లో ఫార్ములా ఇలా మార్చి కిందికి లాగండి:

```
=MOD(B2-A2,1)
```

MOD ఇక్కడ చేసేదల్లా మైనస్ వచ్చినచోట ఒక రోజు కలపడమే. -0.66667 కాస్తా 0.33333 అవుతుంది, అంటే 8:00. హాష్‌లు పోయాయి. కానీ C6 వైపు చూడండి, ఇంకా 8:00 అనే ఉంది! చాలామంది ఇక్కడ ఫార్ములా పనిచేయలేదనుకుని పాతదానికి వెళ్లిపోతారు. నిజానికి లోపల 32 గంటలే ఉంది. h:mm ఫార్మాట్ 24 గంటలు నిండగానే ఒక రోజని పక్కనపెట్టి మిగతాది చూపిస్తుంది. ఇందాకటి తప్పు మొత్తానికీ ఇప్పటి సరైన మొత్తానికీ తేడా సరిగ్గా 24 గంటలే కాబట్టి రెండూ ఒకేలా కనబడుతున్నాయి. C6కు Ctrl+1లో Custom ఎంచుకుని ఈ ఫార్మాట్ ఇవ్వండి:

```
[h]:mm
```

32:00 వస్తుంది. కూలి కోసం గంటలను 24తో హెచ్చించడం మరవద్దు: =C6*24*90. ఆ సెల్ కూడా టైము ఫార్మాట్‌లోకి వెళ్లిపోతే దాన్ని General చేయండి.

MODకు కొన్ని హద్దులున్నాయి. డ్యూటీ 24 గంటల లోపు ఉంటేనే అది సరిగ్గా చెబుతుంది. పొద్దున ఆరుకు ఎక్కి మర్నాడు ఆరుకు దిగినవాడికి సున్నా చూపిస్తుంది. ఇంకోటి, 9:00కి వచ్చి 18:30కి వెళ్లినవాడికి పొరపాటున 8:30 అని కొడితే, మామూలు తీసివేతలో హాష్‌లు వచ్చి తప్పు బయటపడేది. MOD ఉంటే 23:30 అని నిమ్మకు నీరెత్తినట్టు చూపిస్తుంది. అందుకే రిజిస్టర్ మన చేతిలో ఉంటే టైముతో పాటు తేదీ కూడా అదే సెల్‌లో రాయించడం నా పద్ధతి. అప్పుడు మామూలు తీసివేతే చాలు, హాష్‌లు వస్తే అవి నిజమైన తప్పులే.

మైనస్ నిజంగానే రావాల్సిన లెక్కలూ ఉంటాయి. ఎనిమిది గంటలు చేయాల్సినవాడు ఏడున్నరే చేశాడు, తేడా మైనస్ అరగంట. అక్కడ MOD పెడితే అరగంట తక్కువ చేసినవాడికి ఇరవై మూడున్నర గంటల ఓవర్‌టైమ్ రాసినట్టే. చేసిన గంటలు C2లో ఉంటే ఇలా రాసి, సెల్ ఫార్మాట్ General పెట్టండి:

```
=C2*24-8
```

-0.5 వస్తుంది. అది కూడుతుంది, తీసివేస్తుంది, ఏ గొడవా ఉండదు. Options, Advancedలో 1904 తేదీల పద్ధతికి మార్చితే మైనస్ టైములు కనిపిస్తాయని ఎవరైనా చెబుతారు. నిజమే. కానీ ఆ ఫైల్‌లో అప్పటికే ఉన్న తేదీలన్నీ నాలుగేళ్ల ఒక రోజు ముందుకు జరుగుతాయి. ఒక్క హాష్ కోసం అంత పని వద్దు.

ఎక్సెల్ చెప్పిన వాక్యంలో రెండో సగం "too large". ఎక్సెల్‌కు ఆఖరి తేదీ 31-12-9999, దాని అంకె 2958465. అంతకన్నా పెద్ద అంకెకు తేదీ ఫార్మాట్ ఇస్తే హాష్‌లే. ఏదో సాఫ్ట్‌వేర్ నుంచి దించుకున్న ఫైల్‌లో జులై 14ను 20250714 అని రాసిస్తుంది. తేదీలా కనిపిస్తోంది కదా అని ఫార్మాట్ మార్చగానే కాలమ్ మొత్తం హాష్‌లవుతుంది. మనకు అది 2025, ఎక్సెల్‌కు అది రెండు కోట్ల పైచిలుకు రోజులు. ఫార్మాట్ మార్చితే సరిపోదు, అంకెను ముక్కలు చేసి తేదీ కట్టాలి:

```
=DATE(LEFT(A2,4),MID(A2,5,2),RIGHT(A2,2))
```

ఈ వారం అభ్యాసం: 21:30కి ఎక్కి 5:45కి దిగిన వాచ్‌మన్‌కు మధ్యలో 0:30 టీ విరామం. విరామం పోను గంటలు కట్టండి, 7:45 రావాలి. తర్వాత అదే DATE ఫార్ములాకు 20250230 ఇచ్చి ఏ తేదీ వస్తుందో రాసిపెట్టుకోండి. పదో పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.