ఫెయిలైన కార్డు పేమెంట్‌ను రెండో గేట్‌వేకి మళ్లించి, కలిసొచ్చిన ఆర్డర్లు లెక్కపెట్టడం ఎలా?

పలాసలో జీడిపప్పు అమ్మే ఒక దుకాణం వెబ్‌సైట్‌ను నేను చూసుకుంటాను. దసరా ముందు కార్డు పేమెంట్లు ఫెయిలవుతుంటే యజమానికి ఒకటే టెన్షన్. రెండో గేట్‌వే పెట్టాం. నెలాఖరుకు దాని ద్వారా వచ్చిన ఆర్డర్లన్నీ చూసి, "ఇవన్నీ పోయేవే కదండీ!" అని ఆయన సంబరపడ్డారు. అన్నీ పోయేవి కావు. వాళ్లలో చాలామంది ఎలాగూ మళ్లీ ప్రయత్నించి కట్టేవాళ్లే.

ముందు ఏవి మళ్లించాలో తేల్చుకోండి

ఫెయిలైన ప్రతి పేమెంట్‌నూ మళ్లించకూడదు. గేట్‌వే పంపే కారణం చూడండి. ఖాతాలో డబ్బు లేకపోవడం (కోడ్ 51), కార్డు గడువు తీరడం (54), ఓటీపీ తప్పు కొట్టడం వంటి వాటికి ఏ గేట్‌వే అయినా ఒకే జవాబు చెబుతుంది. కార్డు ఇచ్చిన బ్యాంకు సర్వరే పడిపోయినా అంతే, రెండో దారి కూడా చివరికి ఆ బ్యాంకు దగ్గరికే వెళ్లాలి. మళ్లింపు పనికొచ్చేది తప్పు మధ్యలో ఉన్నప్పుడు, అంటే గేట్‌వేలోనో, దాని వెనక దుకాణం తరఫున డబ్బు తీసుకునే బ్యాంకులోనో ఉన్నప్పుడు. అందుకే రెండో గేట్‌వే తీసుకునేముందు దాని వెనక ఏ బ్యాంకు ఉందో అడగండి. రెండింటికీ అదే బ్యాంకైతే పేరుకే రెండు దారులు.

పెండింగ్‌ను ఫెయిల్ అనుకోకండి

మేం దెబ్బతిన్నది ఇక్కడే. జవాబు రాలేదని ఒక ఆర్డర్‌ను మళ్లించాం. కస్టమర్ రెండోసారి కట్టారు. కాసేపటికి మొదటి పేమెంట్ కూడా సక్సెస్ అయింది. విజయనగరం నుంచి ఆవిడ ఫోన్ చేసి అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

అందుకే మళ్లించేముందు మొదటి గేట్‌వేను స్టేటస్ అడగాలి. ఫెయిల్ అని స్పష్టంగా చెబితేనే ముందుకెళ్లాలి. పెండింగ్ అంటే ఆగి, మళ్లీ అడగాలి. అంత జాగ్రత్తపడ్డా ఒక ఆర్డర్‌కు రెండు సక్సెస్‌లు వస్తే, రెండోదాన్ని వెంటనే రిఫండ్ చేసే ఏర్పాటు ముందే ఉండాలి.

మన దగ్గర మళ్లింపు కస్టమర్‌కు తెలియకుండా జరిగే పని కాదు. కార్డు నంబరు దుకాణం దాచుకోకూడదు, ఓటీపీ మళ్లీ కావాలి. కాబట్టి "పేమెంట్ ఫెయిలైంది, ఇక్కడ మళ్లీ కట్టండి" అని బటన్ చూపిస్తాం. అది నొక్కితే రెండో గేట్‌వే పేజీ వస్తుంది, అక్కడ వివరాలు మళ్లీ కొట్టాలి. కొందరు విసుగొచ్చి అక్కడే వదిలేస్తారు.

ఇప్పుడు లెక్క

మళ్లించదగిన ఫెయిల్ తగలగానే, ఇంకేమీ చూపించకముందే, కస్టమర్లను లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేయండి. ఒక గుంపుకు రెండో గేట్‌వే, రెండో గుంపుకు పాత "మళ్లీ ప్రయత్నించండి" పేజీ. గుంపును ఫోన్ నంబరును బట్టి నిర్ణయించండి. ఆర్డర్ నంబరును బట్టి చేస్తే, అదే మనిషి కొత్త ఆర్డర్ పెట్టి అవతలి గుంపులో పడతాడు. ఒక్కో కస్టమర్‌కు మొదటి ఫెయిల్‌నే తీసుకుని, అక్కణ్నుంచి గంటలోపు ఏ దారిలో కట్టినా, యూపీఐలో కట్టినా సరే, `paid` కింద 1 వేయండి.

```sql
SELECT grp, COUNT(*) AS total, SUM(paid) AS paid
FROM failed_customers
GROUP BY grp;
```

ఉదాహరణకు గుంపుకు 600 మంది అనుకుందాం. మళ్లించిన గుంపులో 270 మంది కట్టారు, అందులో 216 మంది రెండో గేట్‌వేలో. మళ్లించని గుంపులో 210 మంది కట్టారు. గేట్‌వే రిపోర్ట్ 216 అంటుంది. నిజంగా కలిసొచ్చింది 270 లోంచి 210 తీసేస్తే 60. అంటే నూటికి పది.

ఆ 60 కూడా కచ్చితమైన అంకె కాదు. ఇంత మందితో లాటరీ వల్లే తేడా అటూ ఇటూ ఊగుతుంది. 95 శాతం నమ్మకంతో చెప్పగలిగే హద్దులు సుమారు 27 నుంచి 93. గుంపుకు 60 మందే ఉంటే ఇదే పది శాతం తేడా యాదృచ్ఛికమో కాదో చెప్పలేం. చిన్న దుకాణమైతే రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

ఆ తర్వాత 60 ఆర్డర్ల మీద మిగిలే లాభం వేసి, లెక్క వేసినన్నాళ్లూ రెండో గేట్‌వేకు అయిన ఖర్చు, రెండుసార్లు కట్ అయిన ఆర్డర్ల రిఫండ్ ఖర్చు తీసేయండి. మా యజమానికి ఈ అంకెనే కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన మొదట కాస్త నీరసపడ్డారు, కానీ గేట్‌వే మాత్రం ఉంచమన్నారు.