మ్యాప్, కంపాస్ పట్టుకుని సూటిగా నడవడం ఎలా?

బెంగళూరు చుట్టుపక్కల కొండలకు, చెరువులకు మావాళ్లను తీసుకెళ్లడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. చేతిలో కంపాస్ ఉన్నా దారి తప్పేవాళ్లను ప్రతిసారీ చూస్తూనే ఉన్నాను. దాదాపు అందరూ ఒకే చోట తప్పుతారు కాబట్టి మిగతావి చకచకా చెప్పేసి అక్కడ ఆగుతాను.

పారదర్శకమైన ప్లాస్టిక్ పలక, దాని మీద తిరిగే డయల్ ఉన్న బేస్‌ప్లేట్ కంపాస్ కొనండి. కీచైన్‌కు వేలాడే గుండ్రటి బొమ్మ కంపాస్ దీనికి పనికిరాదు. మ్యాప్ అంటే సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీటు. దానిలో ఒక సెంటీమీటరు నేల మీద 500 మీటర్లు. ప్రింటు తీసేటప్పుడు కాగితానికి సరిపడేలా కుదించకండి, అసలు సైజులోనే తీయండి. ఒక పెన్సిలు కూడా ఉంటే చాలు. ఫోను పక్కవాళ్లకివ్వండి. అయస్కాంతం ఉన్న ఫోను కవరు పక్కన వారం రోజులు ఒకే సంచిలో ఉండి నా పాత కంపాస్ సూది ధ్రువాలే తారుమారయ్యాయి. ఎర్ర కొన దక్షిణం చూపించడం మొదలుపెట్టింది.

దేవనహళ్లి దాటాక నంది కొండ వైపు మేం నడిచిన ఒక దారినే ఉదాహరణగా తీసుకుందాం. మొదలు ఒక చెరువు తూము, చివర చిన్న గుట్ట మీది గుడి. మధ్యలో రాగి చేలు, నీలగిరి తోట. తోటలోకి వెళ్లాక గుడి కనిపించదు.

ముందు మ్యాప్ మీద తూము నుంచి గుడికి పెన్సిలుతో గీత గీయండి. కొలిస్తే 3.2 సెంటీమీటర్లు వచ్చింది, అంటే 1.6 కిలోమీటర్లు. పలక అంచును ఆ గీతకు ఆనించండి. పలక మీది బాణం గుడి వైపు ఉండాలి. ఇప్పుడు డయల్ తిప్పి, దాని అడుగున ఉన్న సన్న గీతలను మ్యాప్‌లోని నిలువు గ్రిడ్ గీతలకు సమాంతరంగా తెండి. డయల్ మీది N మ్యాప్ పైభాగం వైపు ఉండాలి. తలకిందులైతే సరిగ్గా 180 డిగ్రీల తేడాతో వెనక్కి నడుస్తారు. ఈ దశలో సూదిని చూడనే చూడకండి. మాకు డయల్ మీద 62 వచ్చింది.

ఇక అసలు చిక్కు.

కంపాస్ సూది భూమి అసలు ఉత్తరాన్ని చూపించదు, అయస్కాంత ఉత్తరాన్ని చూపిస్తుంది. రెండింటి మధ్య కోణాన్ని ఫిజిక్స్ పుస్తకంలో దిక్పాతం అంటారు, ట్రెక్కింగ్ వాళ్లు డిక్లినేషన్ అంటారు. ఇది ఊరిని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది. పాత షీటు అంచున ఉన్న అంకె ఆ షీటు అచ్చయిన నాటిది. ఇప్పటి అంకె కావాలంటే అమెరికా సంస్థ నోవా వెబ్‌సైటులోని కాలిక్యులేటర్‌లో ఊరి అక్షాంశం, రేఖాంశం, తేదీ ఇవ్వండి. అది వాడే అయస్కాంత నమూనాను 5 ఏళ్లకోసారి కొత్తగా తయారుచేస్తారు. బెంగళూరులో ఇప్పుడు దిక్పాతం సుమారు ఒకటిన్నర డిగ్రీ పడమరకు ఉంది. మ్యాప్ గ్రిడ్ గీతలు కూడా అచ్చంగా ఉత్తరానికి ఉండవు. బెంగళూరు దగ్గర అవి ఇంకో అర డిగ్రీ తూర్పుకు వాలి ఉంటాయి. రెండూ కలిపితే గ్రిడ్‌కూ సూదికీ మధ్య రెండు డిగ్రీలు.

ఆ రెండు డిగ్రీలను మన 62కి కలపాలా, తీసేయాలా? అందరూ తడబడేది ఇక్కడే. ఇలా ఆలోచించండి. సూది అసలు ఉత్తరానికి ఎడమగా, అంటే పడమరకు, జరిగి ఉంది. మనం కోణాన్ని ఉత్తరం నుంచి కుడివైపుకు కొలుస్తాం. మొదలుపెట్టే చోటే ఎడమకు జరిగితే గుడి వరకు తిరగాల్సిన కోణం పెరుగుతుంది కదా. కాబట్టి కలపాలి. నేను నేర్పేది ఒక్కటే మాట: పడమరకు పెంచు, తూర్పుకు తగ్గించు. ప కు ప, త కు త. ఇది మ్యాప్ నుంచి నేలకు వెళ్లేటప్పుడు. నేల మీద ఏదైనా గుట్టను కంపాస్‌తో చూసి ఆ కోణాన్ని మ్యాప్ మీద గీయాలంటే లెక్క తిరగబడుతుంది. మన 62 ఇప్పుడు 64 అయింది, డయల్‌ను అక్కడికి తిప్పండి.

రెండు డిగ్రీలే కదా అని వదిలేస్తే? 1.6 కిలోమీటర్లకు సుమారు 56 మీటర్లు పక్కకు వెళ్తారు. నిజానికి చేతిలో పట్టుకున్న కంపాస్‌తో అంత తప్పు మామూలే. లెక్క అర్థంకాకపోతే వదిలేయండి. కలపాల్సింది తీసేస్తే మాత్రం తప్పు రెట్టింపై 112 మీటర్లవుతుంది. సగం తెలిసి చేసే దిద్దుబాటు కంటే అసలు దిద్దకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ఇంతకంటే పెద్ద దెబ్బ అమెరికా నుంచి వచ్చిన కంపాస్‌తో తగులుతుంది. సియాటిల్‌లో ఉండే మా తోడల్లుడి కొడుకు సంక్రాంతికి వచ్చినప్పుడు ఖరీదైనది తెచ్చాడు. "బాబాయ్, దీంట్లో డిక్లినేషన్ నేనే సెట్ చేశాను, మనం లెక్క వేసే పనిలేదు" అన్నాడు. వాడు సెట్ చేసింది సియాటిల్‌కు, 15 డిగ్రీల తూర్పు! డయల్ వెనక చిన్న స్క్రూ తిప్పితే అడుగున ఉన్న, సూదిని కూర్చోబెట్టే బాణం బొమ్మ జరుగుతుంది, అది అలాగే ఉండిపోయింది. దాంతో 62 పెట్టి నడిస్తే మా గీతకు 17 డిగ్రీలు ఎడమగా, చివరికి దాదాపు 470 మీటర్ల దూరంలో తేలతాం. ఆ రోజు అలాగే తేలాం. గొర్రెలు కాసే పెద్దాయన "గుడికా సామీ? ఆ పక్క కదా!" అని కర్ర చూపించాడు. అరువు కంపాస్ చేతికి రాగానే ఆ బాణం బొమ్మ N మీద ఉందో లేదో చూడండి.

అమెరికా కంపాస్‌కు ఇంకో జబ్బు కూడా ఉంది. అక్కడ అయస్కాంత రేఖలు నేలలోకి బాగా వాలుతాయి కాబట్టి సూది ఉత్తరపు కొన కిందికి లాగుతుంది. తయారీదారులు దానికి తగ్గట్టు సూదిని తూకం చేస్తారు. మన దక్షిణాదిన ఆ వాలు చాలా తక్కువ, అయస్కాంత భూమధ్యరేఖ దగ్గరే ఉంది. అందుకని ఆ సూది ఇక్కడ దక్షిణపు కొన వాల్చి, గిన్నె అడుగుకు రాసుకుని ఆగిపోతుంది. కంపాస్‌ను సమంగా పట్టుకుని మెల్లగా ఒక చుట్టు తిరగండి. సూది తడబడుతూ కదిలితే ఆ అంకెను నమ్మకండి.

మిగతాది తేలిక. కంపాస్‌ను బొడ్డు ఎత్తులో, పలక బాణం ముందుకు ఉండేలా పట్టుకోండి. సూది ఎర్ర కొన బాణం బొమ్మలో కూర్చునే దాకా ఒళ్లంతా తిప్పండి, డయల్ మాత్రం తిప్పకండి. ఇప్పుడు తలెత్తి అదే వరుసలో కదలని గుర్తు ఒకటి ఎంచుకోండి. తాటిచెట్టు, బండరాయి ఏదైనా సరే, ఆవు మాత్రం వద్దు. కంపాస్ దించి దాని దగ్గరికి నడవండి, అక్కడ మళ్లీ చూసుకోండి. సూదిని చూస్తూ నడిస్తే గుంటలో పడతారు, పైగా పక్కకు జరిగిన సంగతి కూడా తెలియదు.

నీలగిరి తోటలో చెట్లన్నీ ఒకేలా ఉంటాయి. అక్కడ తోడున్న మనిషిని ముందుకు పంపి, కుడికి, ఎడమకు అని కేకేసి వరుసలో నిలబెట్టి, అతని దగ్గరికి చేరుకోవాలి. అప్పుడప్పుడు వెనక్కి తిరిగి 64కి 180 కలిపి 244 చూడండి. వదిలొచ్చిన చెట్టు ఆ వరుసలో లేకపోతే పక్కకు జరిగినట్టే.

అడుగులు కూడా లెక్కపెట్టండి. కుడికాలు నేలను తాకినప్పుడల్లా ఒకటి. చదును నేల మీద నాకు 100 మీటర్లకు 66 పడతాయి, దున్నిన చేలో 75 దాకా వెళ్తుంది. మీ లెక్క మీరే కొలుచుకోవాలి. ఆ లెక్కన గుడికి 1,050 నుంచి 1,200 మధ్య రావాలి. స్క్రూ సరిచేసుకుని మర్నాడు మళ్లీ వెళ్తే 1,120 దగ్గర తోట అయిపోయి ధ్వజస్తంభం కనిపించింది, మాకు కొంచెం కుడివైపున.